మెరిసే బేరింగ్‌తో కుస్తీ

ఈ వారమంతా బాలానగర్‌లో ఒక షాపు కేటలాగ్ కోసం వాల్వులు, బోల్టులు, బేరింగులు ఫోటోలు తీస్తున్నా. బోల్టులు పెద్దగా పేచీ పెట్టవు. టెన్షనంతా 6205 నంబరు బేరింగ్‌తోనే. మెరిసే స్టీలు కదా, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది: కెమెరా, నా చొక్కా, పైన ట్యూబ్‌లైటు. చుట్టూ తెల్లని డిఫ్యూజర్ కడితే అవన్నీ పోతాయి గానీ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌లో రింగు అంచు కూడా కలిసిపోతుంది. అందుకే ఫ్రేమ్‌కి కాస్త బయట, రెండు పక్కలా నల్ల చార్టు ముక్కలు నిలబెడతాను. వాటి ప్రతిబింబం అంచు వెంబడి సన్నని నల్ల గీతలా పడి గుండ్రం తేలుతుంది.

కొలతలు ఇంకో గొడవ. దీని బయటి వ్యాసం 52 మి.మీ., లోపలి రంధ్రం 25. ఫోన్‌తో దగ్గరగా, పక్కవాటంగా తీస్తే ముందువైపు ఉబ్బిపోతుంది. నేను 100 మి.మీ. మాక్రో లెన్స్ పెట్టి వెనక్కి జరుగుతాను. ఎదురుగా తీసిన ఫోటోలోనైతే స్క్రీన్ మీద కొలిచి చూస్తా: రంధ్రం 1000 పిక్సెళ్లుంటే బయటి వ్యాసం దాదాపు 2080 రావాలి. నిలువు, అడ్డం తేడా వస్తే కెమెరా వంగినట్టే.

షాపాయన మాత్రం "ఇంకొంచెం మెరిపించు తమ్ముడూ" అంటాడు. మెరిపిస్తే రింగు మీది నంబరు కనిపించదన్నా, కొనేవాళ్లు ముందు చూసేది అదే!