పిల్లల గొంతుల కోసం అనుమతి లేఖ: నా అనుభవం

మా ఐదో తరగతి పిల్లలు గీసిన బొమ్మలతో మూడు నిమిషాల యానిమేషన్ చేద్దామనుకున్నాం. అందులో కాకి, ఉడత, చెట్టు మాట్లాడతాయి. గొంతులూ పిల్లలవే. అనుమతి లేఖే కదా అని ఐదు నిమిషాల్లో రాసేశాను: "మీ పిల్లల గొంతు రికార్డు చేయడానికి అనుమతి ఇవ్వగలరు." కింద సంతకానికి ఒక గీత.

మర్నాడు ఒక తల్లి సంతకం పెట్టకుండానే కాగితం తెచ్చారు. "మేడమ్, మావాడు మాట్లాడితే మాకూ సంతోషమే. కానీ దీన్ని ఎక్కడ చూపిస్తారు? నెట్‌లో పెడతారా? వాడి పేరు వేస్తారా?" అన్నారు. లేఖలో జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు.

ఆ సాయంత్రం మళ్లీ రాశాను. మొదట కథ రెండు వాక్యాల్లో, తర్వాత పిల్లవాడు చెప్పబోయే డైలాగులు ఉన్నవి ఉన్నట్టు. రికార్డింగ్ బడిలోనే, టీచర్ ఎదుట, ఇరవై నిమిషాలకు మించదని రాశాను. స్కూల్ హాల్లో చూపించడానికి ఒక గడి, నెట్‌లో పెట్టడానికి ఒక గడి, చివర్లో పేరు వేయడానికి మరో గడి పెట్టాను. ఈ మూడూ ఒకే సంతకం కింద కలిపేస్తే హాలుకు ఒప్పుకుని నెట్‌కు వద్దనేవాళ్లు మొత్తానికే వద్దనేస్తారు. కాగితం తిరిగి రాకపోతే 'వద్దు' అన్నట్టే లెక్క అని కూడా రాశాను.

'ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు' అని రాయబోయి ఆగాను. గొంతును బట్టి బొమ్మ నోరు కదిలిస్తాం కాబట్టి, ఆ పని అయ్యాక గొంతు తీసేస్తే నోటి కదలికలన్నీ మళ్లీ చేయాలి. నెట్‌లో పెట్టింది తీసేసినా, ఈలోపు ఎవరైనా దింపుకొని ఉంటే దాన్ని వెనక్కి తేలేం. అందుకే గొంతులూ శబ్దాలూ అన్నీ ఒకటిగా కలిపేసే ఫైనల్ మిక్స్ తేదీ వేసి, అప్పటిదాకా చెబితే గొంతు పూర్తిగా తీసేస్తామని, ఆ తర్వాతైతే నెట్ నుంచి వీడియో తీసేస్తామని, బయటికి వెళ్లిన కాపీలు మా చేతిలో ఉండవని రాశాను. మాట నిలబెట్టుకోవాలంటే అందరినీ ఒకే మైక్ ముందు నిలబెట్టకూడదు, గొంతులు కలిసిపోతే ఒకరిది మాత్రమే తీయడం కష్టం. ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేశాం. ఫైళ్లకు పిల్లల పేర్లు కాకుండా kaaki_01.wav అని పాత్రల పేర్లు పెట్టాం. అయినా మొదటి టేకులో "రెడీనా?" అంటూ నేనే పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచాను. వింటూ ఆ ముక్క కోసేశాను.

పద్నాలుగు కాగితాలు పంపితే పదమూడు వచ్చాయి. కాకి వేషం పిల్లవాడి ఇంట్లో హాలుకు మాత్రమే టిక్ పెట్టారు. దాంతో నెట్ కోసం మరో పిల్లాడితో కాకి మాటలు చెప్పించి రెండో వీడియో చేశాం. వాడు నిదానంగా మాట్లాడతాడు. కాకి ముక్కు ముందే మూసుకుపోయేది, ఒక పూటంతా దాన్ని సరిచేయడానికే పోయింది.

ఇక ఉడత పాప. ఇంట్లో మూడు గడులూ టిక్ చేసి పంపారు. మైక్ ముందుకొచ్చాక "నాకు వద్దు టీచర్" అంది. సరేనన్నాను. ఆ పాప ఆకుల చప్పుడు చేసింది.