ఆరంగుళాల డక్టు: తీగ కడితే గాలి ఇంకా తగ్గింది

ఆదివారం రాత్రి గాలి వేగం కొలిచే మీటరులో 3.6 కనిపించగానే నీరసం వచ్చేసింది. డక్టు బొజ్జలా వేలాడుతోందని ఐదు చోట్ల కట్టి, తిన్నగా లేపి, ఎంతో శుభ్రంగా చేశాననుకున్నాను. కట్టక ముందు సెకనుకు 4.1 మీటర్లు వచ్చిన గాలి, కట్టాక తగ్గింది!

ముందు సంగతి క్లుప్తంగా. మల్కాజ్‌గిరి ఫ్లాట్‌లో వెనక గదిలో లేజర్ కట్టర్ ఉంది. దాని పొగ ఆరంగుళాల ఫ్లెక్సిబుల్ డక్టులో సజ్జ కింది నుంచి వెళ్లి వెంటిలేటర్ దగ్గరున్న ఫ్యాను గుండా బయటికి పోవాలి. దారి మొత్తం 14 అడుగులు. ఫ్యాను చివర్లో ఉంది కాబట్టి గదిలోని డక్టంతా పీల్పులోనే ఉంటుంది, చిన్న కన్నమున్నా పొగ గదిలోకి రాదు. డక్టు లేకుండా ఫ్యాను ఒక్కటే 7 మీటర్లు లాగుతుంది. కొలత ప్రతిసారీ ఫ్యాను బయటి మూతి దగ్గరే, ఐదు చోట్ల తీసి సగటు కడుతున్నాను. ఒక్కచోటే కొలిస్తే సరైన లెక్క రాదు.

డక్టు మొదటిసారి పెట్టినప్పుడు 2.9 రావడానికి కారణం సులువుగానే దొరికింది. 20 అడుగుల డక్టును కోయడానికి మనసు రాక, 14 అడుగుల దారిలో కుదించి పెట్టాను. అలా 30 శాతం కుదిస్తే లోపలి పొర ముడతలు పడి, గాలికి అడ్డు సుమారు నాలుగింతలు అవుతుంది. మిగిలింది కోసేసి బిగువుగా లాగితే 4.1 అయింది.

మిగిలింది బొజ్జ. కొక్కేల మధ్య దూరం ఆరడుగులు. రెండు కొక్కేల దగ్గర డక్టు కింది అంచుకు పురికొస బిగించి, మధ్యలో ఎంత దిగిందో కొలిస్తే 8 అంగుళాలు! అడుగు దూరానికి అర అంగుళం వరకే దిగొచ్చు, అంటే ఇక్కడ 3 అంగుళాలు దాటకూడదు. అందుకే రెండున్నర అడుగులకొకటి చొప్పున బైండింగ్ వైరుతో కట్టాను. బొజ్జ అంగుళం లోపుకు వచ్చింది. గాలి మాత్రం 3.6కు పడిపోయింది.

రెండు రోజులు ఫ్యానుదే తప్పనుకున్నాను, తర్వాత టేపుదనుకున్నాను. చివరికి డక్టు ఒక చివర విప్పి, లోపలికి టార్చి వేసి చూశాను. గుండ్రంగా కనిపించాల్సిన దారి, తీగ ఉన్న ప్రతిచోటా కింద నుంచి లోపలికి నొక్కుకుపోయి ఉంది. అక్కడ ఎత్తు 6 అంగుళాలకు బదులు 4.75. పైగా ఫ్యాను వేస్తే పీల్పుకు ఇంకో పావు అంగుళం దిగుతోంది. అలాంటివి ఐదు! ఒక్కోచోట పోయే వైశాల్యం పెద్దగా అనిపించదు కానీ, గాలి ప్రతి నొక్కు దగ్గరా ఇరుకై, దాటగానే విడిపోయి సుడి తిరుగుతుంది. ఆ నష్టం ఐదుసార్లు కూడుతుంది.

రాణిగంజ్‌లో బెల్టు కొనడానికి వెళ్తే కొట్టు ఆయన వినగానే, "తీగతో కట్టిన్రా అన్నా? ఉరి వేసినట్టే గదా" అన్నాడు. ఒకటిన్నర అంగుళాల వెడల్పు బెల్టు ఇచ్చాడు. డక్టు కింద సగం వరకూ ఊయలలా పట్టుకోవాలి, బిగించకూడదు. ఒక బెల్టుకూ మరో దానికీ మధ్య నాలుగడుగులు మించకుండా, డక్టు చివర తొడిగే కాలరు నుంచి అడుగులోపు ఒకటి చొప్పున వేశాను. 4.4 వచ్చింది.

వెంటిలేటర్ దగ్గరి వంపు ఇంకా మిగిలింది. అక్కడ డక్టు సజ్జ అంచుమీద కూర్చుని, లోపలి వైపు మడత పడింది. మధ్యగీత మీద వంపు వ్యాసార్థం కనీసం డక్టు వ్యాసమంత, అంటే 6 అంగుళాలు ఉండాలి. నాది మూడున్నరే. కాలరు దాటగానే వంచడం ఇంకో తప్పు. మొదట ఆరంగుళాలు తిన్నగా పోనిచ్చి, తర్వాతే తిప్పాను. మడత మళ్లీ పడకుండా ప్లైవుడ్‌తో అర్ధచంద్రాకారపు తొట్టి కోసి, డక్టు వంపు మొత్తం దానిమీద ఆనేలా సజ్జకు బిగించాను.

ఈ రాత్రి 5.2! కట్టర్ మూత సందు దగ్గర అగరుబత్తి పెడితే పొగ తీగలా లోపలికి పోయింది.

టేపు గురించి ఒక్క మాట: గుడ్డ టేపు ఇక్కడి మే ఎండకు జిగురు జారిపోతుంది. రేకు టేపు, క్లాంపు రెండూ వేయండి.

ఎంత బాగా కట్టినా ఫ్లెక్సిబుల్ డక్టు లోపలి గోడ గరుకుగానే ఉంటుంది. కాబట్టి మధ్యలోని తిన్నటి ఎనిమిది అడుగులకూ జీఐ పైపు పెట్టి, రెండు చివర్లలో మాత్రమే దీన్ని ఉంచుతాను. పైపు బరువుకు సజ్జ కింది పాత కొక్కేలు చాలవు, వచ్చే వారం యాంకర్ బోల్టులు వేయాలి. అప్పుడు 6 దాటుతుందేమో చూడాలి.