412 మెసేజ్‌లు

రెండు రోజులు ఫోన్ పక్కన పెడితే టీమ్ గ్రూప్‌లో పేరుకున్నవి ఇవి.

ఈసారి కింద నుంచి పైకి చదివాను. ముందు నన్ను ట్యాగ్ చేసినవి చూసి, తర్వాత సెర్చ్‌లో నా పేరు, "లోగా" అనే మాట కొట్టాను. "రిపోర్ట్ బుధవారంలోగా" అని చివర్లోనే దొరికింది. ఇంకా పైకి వెళ్తే అదే రిపోర్ట్‌కి "శుక్రవారంలోగా" అని ఉంది! పైనుంచి చదివితే పాత తేదీ రాసుకుని అక్కడే ఆగిపోయేదాన్ని.

వాయిస్ మెసేజ్‌లు సెర్చ్‌లో దొరకవు కదా, అందుకని అవి ఆరూ విడిగా విన్నాను. నాలుగో దాంట్లో "అక్కా, మీటింగ్ రూమ్ నువ్వే బుక్ చెయ్యాలి" అని మెల్లగా వినిపించింది. గుండె ఝల్లుమంది.

వెంటనే గ్రూప్‌లో పెట్టాను: "రిపోర్ట్ బుధవారానికి, రూమ్ ఇవాళే. నేను చేయాల్సింది ఇంకేమైనా మిగిలిందా?"

"ఇంతే అక్కా" అని జవాబొచ్చాకే మిగతా మూడొందల చిల్లర వదిలేశాను.