పెద్దత్తయ్యకు చెప్పేశాను

మదనపల్లె నుంచి మావారి పెద్దమ్మ వచ్చారు. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు ఇది మామూలే. కొండకు వచ్చే బంధువులెవరూ మన గడప తొక్కకుండా వెళ్లరు. వస్తే సంతోషమే. కాకపోతే లడ్డూతో పాటు ఆ ప్రశ్న కూడా చేతిలో పెడతారు.

మధ్యాహ్నం దర్శనం నుంచి వచ్చి కూర్చున్నారో లేదో, అందరి ముందూ మొదలుపెట్టారు. "ఇంకా ఏమీ విశేషం లేదా? కాళహస్తి ఇంత దగ్గర పెట్టుకుని రాహుకేతు పూజ ఎందుకు చేయించుకోరు?" పక్కనే ఉన్న మావారిని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదికీ గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరికీ పరీక్షలు చేయించాలంటారు డాక్టర్లు. ఇద్దరికీ. మా బంధువుల లెక్కేమో పెళ్లి ముహూర్తం నుంచి మొదలై నా ఒక్కదాని దగ్గర ఆగుతుంది.

అక్కడ నవ్వి ఊరుకున్నాను. నలుగురిలో కాదంటే ఆవిడకు చిన్నతనం, ఆ తర్వాత మాట వినరు. సాయంత్రం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాను.

"పెద్దత్తయ్యా, మీరు మా మేలు కోరే అడుగుతారని తెలుసు. కానీ అడిగినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటోంది. చెప్పాల్సిన రోజు వస్తే మేమే మీకు ఫోను చేస్తాం. అంతవరకూ ఈ మాట ఎత్తకండి."

కారణం చెప్పలేదు. వైద్యం అంటే ఏ ఆస్పత్రి, ఏ మందులు అని అడుగుతారు. ఉద్యోగం అంటే మానేయమంటారు. వచ్చే ఏడాది అంటే అది గడువై కూర్చుంటుంది, సంక్రాంతికల్లా గుర్తుచేస్తారు.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నేను పరాయిదాన్నా, నాతో చెప్పుకోకూడదా?" అన్నారు. ఇక్కడే నోరు జారుతుంది. జాలిపడి ఒక్క వివరం ఇస్తే చాలు, రాత్రికల్లా మదనపల్లె అంతా చేరుతుంది. "పరాయివాళ్లయితే ఊరుకునేదాన్ని. మీరు కాబట్టే అడగవద్దని చెప్పగలుగుతున్నాను" అని, క్యూలో నిలబడ్డాక మోకాలు ఎలా ఉందని అడిగాను. కాసేపు పలకలేదు. తర్వాత మోకాలి కథ అరగంట సాగింది. ఇంత ఇష్టంగా మోకాలి నొప్పి గురించి నేనెప్పుడూ వినలేదు.

రాత్రి అత్తగారు ఫోను చేశారు. "మా అక్కతో ఏమన్నావమ్మా? ఆ పిల్లను ఇక ఆ మాట అడగవద్దని నాకే చెబుతోంది" అన్నారు. కోపంగా అన్నారో, మెచ్చుకున్నారో తెలియలేదు. విషయం చేరవలసిన చోటికి మాత్రం చేరింది.

ఇక మిగిలింది మావారి బాబాయి. ఆయన వేళాకోళంగా అడుగుతారు, అది ఇంకా కష్టం, కోపగించుకుంటే మనమే చెడ్డవాళ్లమవుతాం. ఆయనతో నువ్వే మాట్లాడాలని మావారికి చెప్పాను. వాళ్ల వైపు వాళ్లకు కోడలు చెబితే పొగరు, కొడుకు చెబితే ఇబ్బంది. "ఆదివారం చూద్దాం" అన్నారు. ఆదివారం బాబాయి భోజనానికే వస్తున్నారు.