వడ్డీ లేదన్న సోఫాకి నూటికి ఏడున్నర రూపాయల వడ్డీ

పోయిన వారమే ఆ సోఫా వెనక్కి పంపించేశాం, ఇంకా కడుపుమంట చల్లారలేదు, చల్లారితే మళ్లీ రాయనని ఇప్పుడే కూర్చున్నా.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ పక్కన ఇర్వింగ్. నేను వచ్చేసరికే ఇంట్లో సోఫా సెట్టు ఉంది. మా ఆయన కొత్తగా వచ్చినోడు కాబట్టి క్రెడిట్ స్కోర్ లేదు, మామూలు ఫర్నిచర్ షాపులో ఫైనాన్స్ ఇవ్వం అన్నారు, "క్రెడిట్ అక్కర్లేదు, వారానికి 30 డాలర్లు" అని బోర్డు పెట్టుకున్న రెంట్ టు ఓన్, అంటే అద్దె కడుతూ పోతే చివరికి వస్తువు మనదయ్యే షాపులో ఐడీ, పే స్టబ్, రిఫరెన్స్ కింద నలుగురి ఫోన్ నంబర్లు ఇస్తే మర్నాడే తెచ్చి దించేశారు. తీసుకోవడం అంత సుఖం.

నేను ఖమ్మంలో చిట్స్ ఆఫీసులో అకౌంట్స్ చూసినదాన్ని. ఎవరింటికెళ్లినా ముందు లెక్కలే కనపడతాయి నాకు. బ్యాంక్ స్టేట్‌మెంట్ చూస్తుంటే ప్రతి శనివారం 37.98 డాలర్లు పోతున్నాయి. ఏంటివి అంటే "సోఫా, వారానికి ముప్పయ్యే కదా" అన్నాడు. ముప్పై అయితే ముప్పై పోవాలి, ఈ ఎనిమిదెక్కడివి? అగ్రిమెంట్ కాగితం తెమ్మన్నా. మైక్రోవేవ్ వారంటీ కాగితాల అడుగున దొరికింది.

అందులో రాసుంది ఇది. క్యాష్ ధర 1,300. వారానికి 30 చొప్పున 78 వారాలు, మొత్తం 2,340, అప్పుడు వస్తువు నీది. దీని మీద సేల్స్ టాక్స్ 8.25 శాతం. వస్తువు పాడైతే ఆ ఖర్చు మన మీద పడకుండా డ్యామేజ్ వేవర్ అని వారానికి 3 డాలర్లు. క్లబ్ మెంబర్‌షిప్ అని ఇంకో రెండున్నర, ఆ క్లబ్బు ఏంటో, అందులో ఎవరుంటారో మా ఆయనకి ఇవాళ్టికీ తెలీదు. వేవర్, క్లబ్బు రెండూ మీ ఇష్టం, వద్దంటే తీసేస్తాం అని చిన్న అక్షరాల్లో ఉంది. అన్నీ కలిపి చివరిదాకా కడితే మూడు వేలకి దగ్గర్లో పడుతుంది. వడ్డీ రేటు అన్న మాట మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదు.

సరే అడుగుదామని షాపుకి వెళ్లాం. ఇక్కడే నాకు కాలింది. మేనేజర్‌ని "దీని మీద వడ్డీ ఎంత పడుతుంది" అని అడిగా. నా వైపు చూడలేదు, మా ఆయన్ని చూసి "వడ్డీ ఏమీ లేదు సర్, ఇది అప్పు కాదు, అద్దె" అన్నాడు. 1,300 వస్తువుకి 2,340 ఎందుకు కడుతున్నాం మరి అన్నా. "అది అద్దె ఖర్చు. మేడమ్ కొత్తగా వచ్చారు కదా, ఇక్కడి పద్ధతి మీరు నిదానంగా ఇంట్లో చెప్పండి సర్" అని నవ్వాడు. ఆ కౌంటర్ దగ్గరున్న ఇంకో అమ్మాయీ నవ్వింది. సరేలే వాళ్లు బయటివాళ్లు, మా ఆయన కూడా నవ్వాడు చూడండీ, అది తట్టుకోలేకపోయా. కార్లో ఒక్క మాట మాట్లాడలేదు నేను.

ఇంటికొచ్చాక మా ఆయన తన లెక్క చెప్పాడు: "1,300 మీద 1,040 ఎక్కువ, అంటే 80 శాతం, ఏడాదిన్నరకి కదా, ఏడాదికి 53 పడుతుంది, ఎక్కువే కానీ స్కోర్ లేనోడికి ఎవడిస్తాడు." ఇది ఫ్లాట్ వడ్డీ లెక్క. మన దగ్గర బండి ఫైనాన్స్‌వాళ్లు చెప్పేది ఇదే. 1,300 మొత్తం 78 వారాలూ నీ దగ్గరే ఉంటే 53 సరిపోయేది. కానీ మొదటి ముప్పై సంతకం పెట్టిన రోజే తీసుకున్నాడు, ఆ తర్వాత ప్రతి వారం కొంచెం కొంచెం వెనక్కి లాక్కుంటూనే ఉన్నాడు. నీ దగ్గర మిగిలిన అసలు తగ్గుతూ ఉంటే వడ్డీ దాని మీదే లెక్కెయ్యాలి. దానికి ఎక్సెల్‌లో ఒక్క లైను చాలు:

```
=RATE(78,-30,1300,0,1)*52
```

78 వారాలు, వారానికి 30, ధర 1300, చివర ఉన్న 1 అంటే మొదటి వాయిదా ముందే కట్టాం అని. వచ్చింది 90 శాతం. వారం వారం వడ్డీ మీద వడ్డీ కూడా లెక్కేస్తే ఏడాదికి 144 శాతం దాకా పోతుంది. మా అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలంటే నూటికి నెలకి ఏడున్నర రూపాయల వడ్డీ. మా ఊళ్లో రెండు రూపాయలంటే మామూలు, మూడంటే అవసరం, అయిదు రూపాయలకి ఇచ్చేవాడి ఇంటి ముందు నుంచి కూడా నడవరు. ఇదంతా టాక్సు, వేవర్, క్లబ్బు కలపకుండానే.

అప్పటికి 26 వారాలు కట్టేశాం, అద్దె ఒక్కటే 780. ఈ రేటు ప్రకారం చూస్తే అసల్లో తగ్గింది 277. మొదటి వారం తర్వాత కట్టిన ముప్పైలో 22 వడ్డీకే పోయింది, 8 మిగిలింది. మా ఆయన నవ్వు అక్కడ ఆగింది.

అంత చూశాక నాకు ఇంకో అనుమానం వచ్చింది, అసలు ఆ 1,300 నిజమేనా అని. సోఫా తిరగేశాం. అడుగున నల్ల గుడ్డ మీద ఒక మూల తెల్ల స్టిక్కర్, దాని మీద మోడల్ నంబర్, సగం చిరిగి ఉంది కానీ చదవొచ్చు. ఆ నంబర్ కొట్టి వెతికితే అదే సోఫా, ఇద్దరు కూర్చునే అదే లవ్‌సీట్, అదే బూడిద రంగు, మామూలు షాపులో రెండూ కలిపి 799. క్యాష్ ధర అని వాళ్లు రాసుకున్నదాంట్లోనే లాభంలో మూడో వంతు దాచేశారన్నమాట. ఫార్ములాలో 1300 తీసి 800 పెట్టి చూడండి, 190 శాతం వస్తుంది. నెలకి పదహారు రూపాయల వడ్డీ. విజయవాడ కాల్ మనీ గొడవ గుర్తుందా, అప్పుడు ఊరంతా ఛీ అన్నది ఇలాంటి రేట్లనే.

మరి ఇది రాయకుండా ఎలా తప్పించుకుంటున్నారంటే, అమెరికాలో అప్పు ఇచ్చేవాడు ఏపీఆర్, అంటే ఏడాదికి వడ్డీ ఎంత శాతమో, చెప్పి తీరాలని 1968 నుంచీ చట్టం ఉంది. కానీ ఇందులో నువ్వు ఏ వారమైనా వస్తువు తిరిగిచ్చేసి వెళ్లిపోవచ్చు, మిగతా వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టి తీరాలన్న బాధ్యత లేదు కాబట్టి అప్పు కాదు, అప్పు కాదు కాబట్టి ఏపీఆర్ లేదు. టెక్సాస్‌లో క్యాష్ ధర, మొత్తం ఎంత కట్టాలి అన్నవి చెప్తే చాలు. న్యూజెర్సీలో మాత్రం 2006లో అక్కడి సుప్రీంకోర్టు ఇది వాయిదాల అమ్మకమే, 30 శాతం వడ్డీ పరిమితి దీనికీ ఉంటుంది అని తేల్చింది. మా బాబాయ్ ఎడిసన్‌లో ఉంటాడు, రాష్ట్రం మారితే న్యాయం కూడా మారుతుందా అని ఆయన్ని అడగాలనుకున్నా, ఆయనే ఫోన్ చేశాడు, అది కాసేపాగి చెప్తా.

ఏ వారమైనా తిరిగిచ్చేయొచ్చు అన్న ఆ ఒక్క మాట వాళ్లని చట్టం నుంచి కాపాడుతుంది కదా, అదే మమ్మల్నీ కాపాడింది. ముందుగా కట్టేసి సొంతం చేసుకోవాలంటే మిగిలిన అద్దెలో 55 శాతం అని కాగితంలో ఉంది. 52 వారాలు మిగిలాయి, 1,560, అందులో 55 శాతం 858, టాక్సుతో 929. (తీసుకున్న 90 రోజుల్లోపు అయితే 1,300లో కట్టిన అద్దె తీసేసి మిగతాది ఇస్తే సరిపోయేది, అది ఎప్పుడో దాటిపోయింది. ఆ 90 రోజులు సోఫా ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు, సంతకం పెట్టిన రోజు నుంచి, అదొకటి చూసుకోండి.) మా ఆయన 929 కట్టేద్దాం అంటాడు, ఇప్పటిదాకా కట్టిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని. పోయింది పోయింది, కట్టినా రాదు, మానేసినా రాదు. ఆర్నెల్లు కూర్చున్న సోఫాకి ఇప్పుడు 929 ఇస్తావా, అదే సోఫా కొత్తది టాక్సుతో 865కి వస్తుంటే? ఈ ఒక్క ప్రశ్న అర్థం కావడానికి రాత్రి పదకొండు అయింది.

మేనేజర్‌కి ఫోన్ చేసి సోఫా తీసుకెళ్లమన్నా. అక్కడి నుంచి నాటకం మొదలు. ఒకసారి "ఇంత కట్టి వదులుకుంటారా" అంటాడు, ఇంకోసారి "వారానికి 22 చేస్తాం, వారాలు పెంచుదాం" అంటాడు, పికప్‌కి డేట్ మాత్రం ఇవ్వడు. శనివారం వచ్చింది, ఆ రోజుకి కార్డు బ్లాక్ చేశాం, డబ్బు పోలేదు. సోమవారం పొద్దున్నే రిఫరెన్సులకి ఫోన్లు. ఆ నలుగురిలో మా బాబాయ్ ఒకడు. "ఏమ్మా, ఏవో సామాన్ల బాకీ అంటున్నారు, అల్లుడికి ఉద్యోగం ఉందా? మొహమాటపడకు, డబ్బులు పంపించనా" అన్నాడు. నేను చెప్పేలోపు పిన్నికి, పిన్ని నుంచి ఖమ్మం. అమ్మ ఫోన్ చేసి "సోఫా వాయిదా కట్టలేకపోతున్నారంట కదే, నా గాజులు పెట్టనా" అని ఏడుపు. తొంభై శాతం వడ్డీ తినేవాడికి లేని సిగ్గు మాకు పంచిపెట్టారు. దయచేసి రిఫరెన్స్ అంటే చుట్టాల నంబర్లు ఇవ్వకండి, రూమ్మేట్‌వో, ఆఫీసులో నోరు మూసుకునేవాడివో ఇవ్వండి.

ఆ రోజే షాపు ఈమెయిల్‌కి రాశా: అగ్రిమెంట్ నంబర్, వస్తువు తిరిగి ఇస్తున్నాం, ఫలానా తారీఖు నుంచి ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండి, రిఫరెన్సులకి ఇంక ఫోన్ చెయ్యొద్దు అని. ఫోన్లో వారాలు పట్టే పని ఈమెయిల్‌కి రెండో రోజే అయింది. వ్యాన్ వచ్చేలోపు సోఫాకి నాలుగు వైపులా ఫోటోలు, వీడియో తీశా, ఎక్కడా చిరుగు లేదని. వచ్చిన కుర్రాడు మంచివాడే, సంతకం పెట్టిన రిటర్న్ రశీదు ఇవ్వనిదే తలుపు దాటనివ్వనంటే మేనేజర్‌కి ఫోన్ చేసి మరీ రాయించి ఇచ్చాడు. "బాకీ సున్నా" అని కూడా రాయించా. ఆర్నెల్ల అద్దె అన్నీ కలిపి వెయ్యి దాకా పోయింది, సరే.

మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఆస్టిన్ వెళ్లిపోతున్న జంట వాళ్ల సోఫా 150కి ఇచ్చారు, మోసుకొచ్చుకోవడం మనమే.

ఇంతా అయ్యాక మొన్న శనివారం కార్డు మీద మళ్లీ రెండున్నర డాలర్లు. క్లబ్బు! సోఫా పోయినా మెంబర్‌షిప్ పోలేదట, దానికి వేరే ఫోన్ నంబరట, కాగితం వెనక పేజీలో ఉంది. ఆ నంబర్‌కి చేసి కాన్సిల్ చేయించి, కన్ఫర్మేషన్ నంబర్ రాసుకుని, రెండున్నర వెనక్కి రప్పించా. మా ఆయన "రెండున్నర కోసం నలభై నిమిషాలా" అన్నాడు. ఈసారి నేను నవ్వా.