బ్యాంకులో లోటు, పుస్తకాల్లో లాభం: క్లినిక్ లెక్క సరిచూసిన తీరు

ఇన్సూరెన్స్ కంపెనీలు ఆలస్యంగా చెల్లించే ఒక చిన్న క్లినిక్‌కి ఒకే నెల లాభనష్టాలు రెండు పద్ధతుల్లోనూ తీశాను. డబ్బు చేతులు మారినప్పుడే రాసే క్యాష్ బేసిస్‌లో 60 వేల లోటు, డబ్బు ఎప్పుడు వచ్చినా పోయినా వైద్యం జరిగిన నెలలోనే ఆదాయాన్నీ ఖర్చునూ రాసే అక్రూవల్ బేసిస్‌లో 3.7 లక్షల లాభం వచ్చాయి. రెండింటిలో ఏదీ తప్పు కాదు. ఆ తేడా ఎక్కడుందో డాక్టరుగారికి చూపించడమే అసలు పని.

ముందు క్యాష్ లెక్క. పేషెంట్లు నేరుగా కట్టింది 3 లక్షలు, పాత క్లెయిముల మీద ఇన్సూరెన్స్ నుంచి వచ్చింది 1.4 లక్షలు, జీతాలకూ అద్దెకూ పోయింది 5 లక్షలు. బ్యాంకు స్టేట్‌మెంట్ చాలు, ఇది ఇట్టే తేలిపోతుంది.

అక్రూవల్‌కి వైద్యం జరిగిన తేదీ చూడాలి. ఆ నెల వైద్యానికి పంపిన క్లెయిములు 8 లక్షలు. అయితే ఆ మొత్తాన్నంతా ఆదాయంగా రాయకూడదు. అంతకుముందు సెటిల్ అయిన క్లెయిములు తీసి చూస్తే బిల్లులో పదో వంతు కోత పడుతోంది. అందుకే 7.2 లక్షలే రాశాను. ఆ నెల వాడేసిన మందులకు సప్లయర్‌కి ఇంకా ఇవ్వాల్సిన 1.5 లక్షలు కూడా ఖర్చులో చేర్చాను. 3 లక్షలకు 7.2 కలిపి, అందులోంచి 5, 1.5 తీసేస్తే మిగిలేది 3.7.

ఇక ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరాలి. కొత్తగా రావలసింది 7.2 లక్షలు, పాతవాటిలో వసూలైంది 1.4, అంటే రావలసిన బాకీ 5.8 లక్షలు పెరిగింది. లాభం 3.7లోంచి అది తీసేసి, సప్లయర్‌కి ఇంకా కట్టని 1.5 కలిపితే సరిగ్గా మైనస్ 60 వేలు. ఇలా కలవకపోతే ఎక్కడో ఒక ఎంట్రీ తప్పినట్టే.

ఎక్కువగా తప్పేది పాత క్లెయిము డబ్బు వచ్చిన రోజునే. దాన్ని మళ్లీ కొత్త ఆదాయంగా రాస్తే అదే వైద్యం రెండుసార్లు లాభంలోకి ఎక్కుతుంది, బాకీ మాత్రం తగ్గదు. కాబట్టి వచ్చిన ప్రతి చెల్లింపునూ క్లెయిము నంబరుకే జమ చేయాలి. నెలాఖరున సెటిల్ కాని క్లెయిములకు రావాల్సినవి విడివిడిగా కూడి, లెడ్జర్‌లోని బాకీతో పోల్చాలి. లెడ్జర్ ఎక్కువ చూపిస్తే నేను మొదట వెతికేది ఈ తప్పునే.

తర్వాత బాకీలను వయసువారీగా విడదీస్తాను: 30 రోజుల లోపు, 60 లోపు, 90 లోపు, ఆపైన. 90 దాటినవాటిలో ఏ పత్రం అడిగి ఆపారో ఒక్కొక్కటీ చూస్తాను. తిరస్కరించినవాటిని, అప్పీలుకు అవకాశం లేకపోతే, అదే నెల లాభంలోంచి తీసేస్తాను.

ఇదంతా అయ్యాక డాక్టరుగారు 3.7 లక్షలు ఇంటికి తీసుకోవచ్చా అని అడిగితే నా జవాబు వద్దనే. ఆ లాభం ఇంకా ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గరే ఉంది, సప్లయర్‌కి మాత్రం 1.5 లక్షలు మనమే కట్టాలి.