ఓటీ బయట అమ్మ సంతకం: ఫోరెన్సిక్‌లో ఎథిక్స్ నాకు ఎట్ల ఎక్కిందంటే

ఎంబీబీఎస్‌లో ఫోరెన్సిక్ మెడిసిన్ అంటే నాకు గాయాలు, విషాలు, పోస్ట్‌మార్టం, అంతే. ఎథిక్స్, లా చాప్టర్ ఎప్పుడూ పరీక్ష ముందు రాత్రికే వదిలేసేదాన్ని, పేషెంట్‌ని అడిగి చేయాలి, బయట చెప్పొద్దు, ఇందులో చదవడానికి ఏముంది అని. ఇంటర్నల్స్‌లో ఐదు మార్కులకి ఒక కేస్ ఇచ్చిన్రు, రెండు పేజీలు రాసిన, ఒక్క మార్కు వచ్చింది.

కేస్ ఏందంటే, 44 ఏళ్లావిడ, పెళ్లి కాలేదు, పీరియడ్స్ ఆగకుండ అవుతున్నయని డాక్టర్ దగ్గరికి పోయింది. లోపల ఏముందో చూడాలంటే మత్తిచ్చి, పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే లాపరోస్కోపీ చేయాలన్నరు, ఆవిడ సంతకం పెట్టింది. మత్తులో ఉండంగనే డాక్టర్లకి ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు, కనిపించింది, అసిస్టెంట్ బయటికొచ్చి వాళ్లమ్మతో సంతకం పెట్టించుకున్నరు, గర్భసంచి, ఓవరీలు, ట్యూబులు అన్నీ తీసేసిన్రు. ఈ కన్సెంట్ చెల్లుతదా?

చెల్లుతదని రాసిన. పేషెంట్‌కి స్పృహ లేదు, పక్కన కన్నతల్లి ఉంది, ఇంకెవర్ని అడుగుతరు? మా ఇంట్ల తాతయ్యకి కంటి ఆపరేషన్ అయితే కూడా సంతకం మా నాన్నే పెట్టిండు, తాతయ్య పక్కనే కూర్చొని చాయ్ తాగుతుండు. ఆ అలవాటే నా ఆన్సర్ షీట్ మీదికి వచ్చిందని తర్వాత అర్థమైంది.

మార్కులు చూసి మా సీనియర్ అక్క దగ్గరికి పోతే నవ్వింది. "అది ఎవరో కూర్చొని అల్లిన ప్రశ్న కాదే, సుప్రీంకోర్టు కేసు. గైడ్‌లో మూడు లైన్లుంటది, అది వదిలెయ్, ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లో తీర్పు మొత్తం ఉంది, ఫ్రీనే, చదువుకో" అన్నది. సమీరా కోహ్లీ కేసు, ఆపరేషన్ 1995లో, తీర్పు 2008 జనవరిలో. మెస్‌లో రాత్రి భోజనం మానేసి కూర్చున్న (ఆ రోజు ఎట్లాగూ సొరకాయే). లాయర్ల ఇంగ్లీషు, మొదటి పది పేరాలు నడవలేదు, తర్వాత కథలెక్క నడిచింది.

డాక్టర్ తరఫు వాదన కూడా తేలిగ్గ తీసేసేది కాదు. ఫారంలో డయాగ్నస్టిక్ అండ్ ఆపరేటివ్ లాపరోస్కోపీ అని ఉంది, అవసరమైతే పొట్ట కోయాల్సి రావచ్చని కూడా ఉంది, ఆ జబ్బుకి గర్భసంచి తీయడం ఉన్న ట్రీట్‌మెంటే, పైగా తల్లి ఒప్పుకుంది. నేషనల్ కన్స్యూమర్ కమిషన్ ఆవిడ ఫిర్యాదుని కొట్టేసింది కూడా. సుప్రీంకోర్టు మాత్రం వేరే చోట పట్టుకుంది. చూడడానికి ఒప్పుకుంటే తీసేయడానికి ఒప్పుకున్నట్టు కాదు. ఇక తల్లి సంగతంటరా, పేషెంట్ మేజర్, ఆలోచన బాగనే ఉంది, ఆ స్పృహ తప్పించింది కూడా మత్తుమందే, కొన్ని గంటల్లో లేస్తది. ఆమె లేచేదాక ఆగితే ప్రాణం పోతదా? పోదు. మరి ఆగాలె, లేచినంక అడగాలె. తల్లి సంతకానికి విలువ లేదన్నరు.

నేను తప్పింది అక్కడే. మత్తులో ఉండడాన్ని, నిర్ణయం తీసుకునే శక్తి లేకపోవడాన్ని ఒక్కటే అనుకున్న.

పరిహారం 25,000 రూపాయలే, దాంతో పాటు ఆపరేషన్ ఫీజు కట్టనక్కర్లేదన్నరు. ఇంత తక్కువా అని నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది, కాని కోర్టు లెక్కలో డాక్టర్ చెడు ఉద్దేశంతో చేయలేదు. మంచికే చేసినా అడగకుండ చేస్తే తప్పే, ఈ రెండూ పక్కపక్కన ఉండొచ్చు. పరీక్షలో మావోళ్లు చాలామంది "డాక్టర్ మంచి ఉద్దేశంతో చేశారు కాబట్టి తప్పు లేదు" అని ఆగిపోతరు, అక్కడే మార్కులు పోతయి.

తర్వాత నేను, నా రూమ్మేట్ ఒక పని చేసినం. వంద కేసులు చదవడం మా వల్ల కాదు కాబట్టి, ఇదే కేసులో ఒక్కో విషయం మారుస్తూ పోయినం. కోఠి నుంచి హాస్టల్‌కి బస్సులో కూర్చొని అదే పని, పక్క సీటు ఆంటీ మమ్మల్ని వింతగ చూసేది.

టేబుల్ మీద ఉండంగనే రక్తం ఆగకుండ పోతుంది, బీపీ పడిపోతుంది అనుకో? అప్పుడు ఆగే టైం లేదు, ప్రాణం కాపాడడానికి ఎంత అవసరమో అంత చేయొచ్చు. పాత నోట్స్‌లో దీనికి ఐపీసీ 92 అని ఉంటది, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్ వచ్చింది గదా, అందులో సెక్షన్ 30. జిరాక్స్ నోట్స్‌తో చదివేటోళ్లు నంబర్లు ఒక్కసారి చూసుకోండి. వయసు 16 అనుకో? అప్పుడు తల్లే గార్డియన్, అదే సంతకం చెల్లుతది.

ఆవిడకి స్కిజోఫ్రేనియా ఉందనుకో? ఇక్కడ మేమిద్దరం గంట కొట్లాడుకున్నం. జబ్బు పేరు వినంగనే గార్డియన్ అని రాసేయబుద్ధి అయితది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ సెక్షన్ 4 చూస్తే అడిగేది జబ్బు పేరు కాదు, చెప్పింది అర్థమైతుందా, ఒప్పుకుంటే ఒప్పుకోకపోతే ఏమైతదో తెలుస్తుందా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలదా అని. పక్కోళ్లకి ఆ నిర్ణయం తప్పనిపించినంత మాత్రాన శక్తి లేదని అనొద్దని కూడా అందులో ఉంది. కాకపోతే ఆ చట్టం మానసిక ట్రీట్‌మెంట్ గురించి, గర్భసంచి ఆపరేషన్‌కి నేరుగా వర్తించదు. అట్లని జవాబులో రాసి, అవే ప్రశ్నలు ఆవిడని అడిగి కేస్ షీట్‌లో రాస్తా అని రాయొచ్చు.

ఇంకో తిరకాసు, డాక్టర్లకి మెడికల్ కౌన్సిల్ పెట్టిన 2002 ఎంసీఐ రెగ్యులేషన్స్‌లో 7.16. ఆపరేషన్‌కి ముందు రాతపూర్వకంగ కన్సెంట్ తీసుకోవాలని చెప్తూ భర్త, భార్య, మైనర్ అయితే తల్లిదండ్రులు, లేదా పేషెంట్ అని ఒకే వరసలో పెట్టిన్రు, పేషెంట్ చివర్ల! అది చదివితే ఎవరి సంతకమైనా పర్లేదనిపిస్తది. మేజర్ పేషెంట్ విషయంలో మాత్రం సుప్రీంకోర్టు తీర్పునే పట్టుకోవాలని అక్క చెప్పింది, నేను అదే చేసిన.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ పెద్దాయన, కళ్లద్దాల పైనుంచి చూసుకుంట అదే కేసు అడిగిండు. నేను గడగడ చెప్పేసిన. "సరేనమ్మా, నువ్వు కోయలేదు, సంతకం తీసుకోలేదు, మంచిదే. బయట వాళ్లమ్మ ఏడుస్తుంది, లోపల ఏం కనబడిందో చెప్పమంటుంది. చెప్తావా?" అన్నడు.

ఇది మేం బస్సులో మార్చిన వాటిల్లో లేదు. ఒక్క నిమిషం నోట మాట రాలేదు. అదే ఎంసీఐ రెగ్యులేషన్స్‌లో 7.14 గుర్తు చేసుకున్న, రహస్యం చెప్పొచ్చనేది కోర్టు ఆర్డర్ ఉంటే, ఎవరికైనా తీవ్రమైన ప్రమాదం ఉంటే, నోటిఫై చేయాల్సిన జబ్బయితే. తల్లి ఏడవడం ఈ మూడింట్లో లేదు.

"ఆమె బాగనే ఉంది, అరగంటల లేస్తది అని చెప్తా సార్. రిపోర్టు సంగతి ఆమె లేచినంక ఆమెకే ముందు చెప్తా, మీ అమ్మకి చెప్పమంటరా అని అడుగుతా."

"అది ఎప్పుడు అడగాల్సిన మాట?"

"మత్తిచ్చే ముందే సార్."

సార్ ఏదో రాసుకొని తర్వాతి నంబర్‌ని పిలిచిండు.